స్పానిష్ స్లోగన్ ఒక దేశంలో బాగుండి పక్క దేశంలో నవ్వులపాలైతే: సమస్య - పరిష్కారం

ఒక ఉదాహరణ పెట్టుకుని మాట్లాడుకుందాం. వేడి వేడి సాండ్‌విచ్‌లు అమ్మే బ్రాండ్ ఒకటి ఉందనుకోండి. దాని ఇంగ్లీషు స్లోగన్ "గ్రాబ్ ఇట్ వైల్ ఇట్స్ హాట్", అంటే వేడిగా ఉండగానే అందుకోమని. స్పెయిన్, మెక్సికో, కొలంబియా, అర్జెంటీనా నాలుగు దేశాల్లోనూ ఈ ప్రకటన రావాలి. అనువాదం మాడ్రిడ్‌లో ఉండే ఒకాయన చేశారు. ఆయన పంపింది ఇదీ:

```
Cógelo mientras está caliente
```

"కోహెలో మియెంత్రాస్ ఎస్తా కలియెంతె" అని చదవాలి. వ్యాకరణం తప్పు లేదు. స్పెయిన్ వాళ్లు చదివితే "వేడిగా ఉండగానే తీసుకో" అనే అర్థమవుతుంది. మెక్సికోకు వెళ్లేసరికి ఇదే వాక్యం పచ్చి బూతు అవుతుంది. ఈ ఒక్క లైనును సరిచేస్తూ పోతే స్పానిష్ స్లోగన్లలో వచ్చే తేడాలు చాలావరకు ఎదురవుతాయి. హైదరాబాద్‌లో లోకలైజేషన్ పని చేస్తూ, స్పానిష్ రాకపోయినా స్పానిష్ ఫైళ్లు మేనేజ్ చేయాల్సిన వాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. భాష రాకపోయినా ఎక్కడ అనుమానపడాలో, ఎవరిని ఏం అడగాలో తెలిస్తే చాలా గండాలు తప్పుతాయి.

లక్షణం: అనువాదం చెకింగ్‌లో పాసైంది, కానీ ఒక దేశం రివ్యూయర్ మాత్రం "ఇది వేయొద్దు" అంటున్నారు, ఎందుకో చెప్పడానికి మొహమాటపడుతున్నారు

కారణం చాలావరకు క్రియలో ఉంటుంది. "కొహెర్" అనే క్రియకు స్పెయిన్‌లో తీసుకోవడం, పట్టుకోవడం, బస్సెక్కడం అని అర్థం. అక్కడ రోజుకు పదిసార్లు వాడే మాట. కొలంబియాలో కూడా మామూలు మాటే. మెక్సికోలో, అర్జెంటీనాలో, ఉరుగ్వేలో, మధ్య అమెరికా దేశాల్లో మాత్రం దానికి సంభోగించడం అనే మోటు అర్థమే ముందు తడుతుంది. అంటే మన నాలుగు దేశాల్లో రెండు హాయిగా ఒప్పుకుంటాయి, రెండు అస్సలు ఒప్పుకోవు. అనువాదకుడు మాడ్రిడ్ వారు, రివ్యూ చేసింది బొగోతా వారు అయితే ఇద్దరూ నిజాయితీగానే "బాగుంది" అంటారు. తప్పు ఎవరి కంటా పడదు.

ఇక్కడ ఇంకో రెండు ముళ్లున్నాయి. "కలియెంతె" వస్తువు గురించి అంటే వేడిగా ఉందని. మనిషి గురించి "ఎస్తా కలియెంతె" అంటే కామంతో ఉన్నాడని. మరి వాక్యంలో ఉన్నది వస్తువా, మనిషా? "లో" అనే చిన్న సర్వనామం దగ్గర అసలు చిక్కంతా ఉంది. మనకు "దాన్ని" వేరు, "వాణ్ణి" వేరు. స్పానిష్‌లో రెంటికీ "లో" ఒక్కటే. అందుకే సాండ్‌విచ్ బొమ్మ లేకుండా లైను మాత్రమే బస్సు వెనక కనిపిస్తే మెక్సికో కుర్రాళ్లకు అది మనిషి గురించే అనిపిస్తుంది. మూడు మాటలూ విడివిడిగా కొంత అనుమానాస్పదం, ఒకచోట చేరితే ఇక సందేహమే లేదు.

మరి బ్యాక్ ట్రాన్స్‌లేషన్ దీన్ని ఎందుకు పట్టుకోలేదు? బ్యాక్ ట్రాన్స్‌లేషన్ అంటే స్పానిష్ లైనును వేరే వ్యక్తి చేత మళ్లీ ఇంగ్లీషులోకి చేయించి మూలంతో పోల్చడం. పై వాక్యాన్ని అలా తిప్పితే "టేక్ ఇట్ వైల్ ఇట్స్ హాట్" అనే వస్తుంది. మూలంతో చక్కగా సరిపోతుంది, ఎక్సెల్ షీట్‌లో ఆకుపచ్చ టిక్కు పడుతుంది. ఆ పద్ధతి మొదటి అర్థం నిలిచిందా లేదా అని మాత్రమే చూస్తుంది. రెండో అర్థం ఏమైనా వచ్చి చేరిందా అనేది దాని ప్రశ్నే కాదు. మందుల కరపత్రాలకు అది మంచి పద్ధతే. స్లోగన్లకు దాని మీద ఆధారపడటం నాకు నచ్చదు.

పరిష్కారం రెండు దశల్లో. మొదటిది మీరే చేయగలిగేది. స్లోగన్‌లో ఉన్న ప్రతి క్రియనూ, నామవాచకాన్నీ "దిక్సియొనారియో దె అమెరికానిస్మోస్" అనే నిఘంటువులో వెతకండి. స్పానిష్ భాషా అకాడమీల సంఘం 2010లో వెలువరించింది, ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉంది. ప్రతి అర్థానికీ అది ఏ దేశాల్లో వాడుకలో ఉందో సంకేతాక్షరాలతో ఇస్తుంది, మోటు మాటలకు ప్రత్యేకంగా గుర్తు పెడుతుంది. స్పానిష్ రాకపోయినా ఆ గుర్తు, మీ దేశం సంకేతం పక్కపక్కన కనిపిస్తే ఆగాలని తెలుస్తుంది. "కోంచా" అంటే గవ్వ, మెక్సికోలో ఒక తియ్యటి బన్ను. అర్జెంటీనాలో, చిలీలో స్త్రీ మర్మాంగానికి మోటు పేరు. "బీచో" అంటే పురుగు. ప్యూర్టో రికోలో పురుషాంగం. "కహేతా" మెక్సికోలో మేకపాల తీపి. అర్జెంటీనాలో నలుగురిలో అనరాని మాట. తిండి బ్రాండ్లకు ఈ గొడవ ఎక్కువ, ఎందుకంటే ఊరికో తిండి, తిండికో ముద్దుపేరు.

రెండో దశలో రివ్యూయర్‌ను అడగాల్సింది "అనువాదం సరిగా ఉందా?" అని కాదు. "దీనికి ఇంకేం అర్థం రావచ్చు? పదహారేళ్ల కుర్రాడు దీన్ని చూసి స్నేహితుడి డొక్కలో ఎందుకు పొడుస్తాడు?" అని అడగండి. సమాధానం రాతలో అడిగితే మొహమాటపడతారు, ఫోన్లో అడిగితే చెబుతారు. ప్రతి దేశానికీ కనీసం ఇద్దరుండాలి, వయసులో తేడా ఉండాలి. ఇద్దరూ ఇప్పుడు ఆ దేశంలో ఉంటున్నవాళ్లే కావాలి. పాతికేళ్ల క్రితం బ్యూనస్ ఐరిస్ వదిలి మయామీలో స్థిరపడిన వారికి వ్యాకరణం బాగానే గుర్తుంటుంది, ఈనాటి వీధి మాట తెలియకపోవచ్చు.

మన లైను సంగతికొస్తే "కొహెర్" తీసేయాలి. దానికి బదులు ఏది? "అగర్రార్" లాటిన్ అమెరికా అంతటా ధారాళంగా నడుస్తుంది, కానీ స్పెయిన్‌లో దానికి గట్టిగా ఒడిసిపట్టుకోవడం అనే ఛాయ ఉంది. సాండ్‌విచ్‌ను గొంతు పట్టుకున్నట్టు ఉంటుంది. "తొమార్" స్పెయిన్‌లో తినడానికీ తాగడానికీ పనికొస్తుంది, లాటిన్ అమెరికాలో తాగడమే ముందు తడుతుంది. ఇలా క్రియకు క్రియ వెతుక్కుంటూ పోతే దారి దొరకదు. ఇంగ్లీషులో "గ్రాబ్" చేసే పనేంటో చూడాలి. అది కస్టమర్‌ను తొందరపెడుతోంది. ఆ తొందరను వేరే దారిలో తేవచ్చు. "పెదిర్", అంటే ఆర్డర్ చేయడం, నాలుగు దేశాల్లోనూ శుభ్రమైన మాట. "రెసియెన్ ఎచో", అంటే అప్పుడే చేసినది, కూడా అంతే. వేడి అనే మాట పోయింది, వేడి తెచ్చే భావం మిగిలింది. పొగలు ఎలాగూ ఫొటోలో కనిపిస్తాయి.

"రెసియెన్" గురించి ఒక జాగ్రత్త చెప్పాలి. "అప్పుడే చేసిన", "అప్పుడే వేయించిన" లాంటి విశేషణం ముందు అది వస్తే స్పానిష్ లోకమంతా ఒప్పుకుంటుంది. "ఇప్పుడే వచ్చింది" అన్నట్టు మామూలు క్రియ ముందు పెడితే లాటిన్ అమెరికాలో చెల్లుతుంది, స్పెయిన్ చెవికి పరాయిగా ఉంటుంది. అలాగే లింగం: సాండ్‌విచ్ స్పానిష్‌లో పుంలింగం కాబట్టి "ఎచో". రేపు అదే స్లోగన్ ఎంపనాదా అనే స్త్రీలింగ పేరున్న వంటకానికి వాడితే "ఎచా" కావాలి. ఒకే లైనును అన్ని ఉత్పత్తులకూ అతికించే ముందు ఇది చూసుకోండి.

లక్షణం: అర్జెంటీనా నుంచి బూతు ఫిర్యాదు లేదు, కానీ "ఇది డబ్బింగ్ సినిమాలా ఉంది" అంటున్నారు

ఇది మొదటిదానంత గోల చేయదు. ఎవరూ ట్వీట్ చేయరు, ఎవరూ పట్టించుకోరు. ప్రకటనకు ఎవరూ పట్టించుకోకపోవడం కంటే నష్టం ఏముంటుంది?

కారణం సంబోధన. మనకు నువ్వు, మీరు ఉన్నట్టే స్పానిష్‌లో "తు", "ఉస్తెద్" ఉన్నాయి. అయితే "నువ్వు"కు ఇంకో రూపం ఉంది: "వోస్". అర్జెంటీనా, ఉరుగ్వే, పరాగ్వేల్లోనూ, మధ్య అమెరికాలో చాలాచోట్లా, కొలంబియాలో మెదెయీన్, కాలీ లాంటి ఊళ్లలోనూ చనువుగా మాట్లాడేటప్పుడు "వోస్" అంటారు. అర్జెంటీనాలో ఇది నాటు మాట కాదు. ప్రకటనలు, బ్యాంకు యాప్‌లు, ప్రభుత్వ పోస్టర్లు అన్నిటా అదే. దానితో పాటు క్రియ రూపం మారుతుంది. "ఆర్డర్ చెయ్" అనడానికి మెక్సికోలో "పీదెలో" అంటే అర్జెంటీనాలో "పెదీలో" అంటారు.

ఈ తేడా ఫైళ్లలో ఎక్కడ పోతుందో మన లోకలైజేషన్ వాళ్లకు తెలిసే ఉంటుంది. `es-419` అనే కోడ్ లాటిన్ అమెరికా మొత్తానికీ ఒకే ఫైలు. 419 అనేది ఐక్యరాజ్యసమితి లాటిన్ అమెరికా, కరీబియన్ ప్రాంతానికి ఇచ్చిన అంకె. ఆ ఫైలు మెక్సికోకు తగ్గట్టు "తు"తో రాస్తారు, అది అలాగే బ్యూనస్ ఐరిస్‌కూ వెళ్తుంది. సెట్టింగ్స్ పేజీలో అర్జెంటీనా వాళ్లు దాన్ని క్షమిస్తారు. స్లోగన్‌లో క్షమించరు.

పరిష్కారానికి రెండు దారులున్నాయి. బడ్జెట్ ఉంటే దేశానికో లైను:

```
es-ES  Pídelo recién hecho
es-MX  Pídelo recién hecho
es-CO  Pídelo recién hecho
es-AR  Pedilo recién hecho
```

అర్జెంటీనా లైనులో మొదటి మాటకు, నొక్కును చూపే యాస గుర్తు లేదని గమనించండి. అది అచ్చుతప్పు కాదు. అచ్చుతో ముగిసే మాటలో నొక్కు చివరి నుంచి రెండో అక్షరం మీద పడితే స్పానిష్‌లో గుర్తు అక్కర్లేదు. ఇది తెలియని ప్రూఫ్‌రీడర్ మిగతా మూడు లైన్లు చూసి నాలుగోదానికీ గుర్తు "సరిదిద్దడం" మామూలే. కాబట్టి ఆ సెల్‌లో కామెంట్ పెట్టి ఉంచండి.

రెండో దారి నాకు ఎక్కువ ఇష్టం. ఒకే టీవీ యాడ్, ఒకే ప్యాకెట్ అన్ని దేశాలకూ వెళ్లాలంటే "తు"కూ "వోస్"కూ ఒకేలా ఉండే రూపాలతోనే స్లోగన్ కట్టండి. ఇవి అనుకున్నదానికంటే ఎక్కువే ఉన్నాయి. "నీ", "నీది", "నీకు" అనే మాటలు రెంటికీ ఒకటే. భవిష్యత్తు కాలం ఒకటే. భూతకాలం ఒకటే. వర్తమానంలో "ఉన్నావు", "వెళ్తావు", "ఇస్తావు", "చూస్తావు" అనే నాలుగు క్రియలకు రెండు రూపాలూ కలుస్తాయి. తేడా కొట్టేది ముఖ్యంగా ఆజ్ఞార్థకం, మిగతా వర్తమాన రూపాలు. ప్రకటనలు రాసేవాళ్లకు ఆజ్ఞార్థకం మీదే మోజు కాబట్టి ఈ గొడవ ఇంత పెద్దదైంది. ఆజ్ఞ మానేస్తే మన లైను ఇలా వస్తుంది:

```
Recién hecho y ya es tuyo
```

"రెసియెన్ ఎచో ఇ యా ఎస్ తుయో": అప్పుడే చేసింది, అప్పుడే నీది. మెక్సికోలోనూ చెల్లుతుంది, అర్జెంటీనాలోనూ చెల్లుతుంది, ఎవరికీ డబ్బింగ్ అనిపించదు. తొందర "యా"లో ఉంది. దీనికీ ఒక హద్దుంది. "తుయో" చనువు మాట. కోస్టారికాలో, కొలంబియా మధ్య ప్రాంతాల్లో ఇంట్లో కూడా "ఉస్తెద్" అనే అలవాటు బలంగా ఉంది. సాండ్‌విచ్ ప్రకటనలో చనువు పర్వాలేదు. అదే ఇన్సూరెన్స్ పాలసీకో, ఆసుపత్రికో అయితే అక్కడి వాళ్లను అడిగే నిర్ణయించాలి.

యాప్‌లో బటన్ మీద రాసే మాటకు ఈ రెండో దారి కుదరదు. బటన్ ఏదో ఒకటి చేయమనాలి కదా. అక్కడ దేశానికో ఫైలు తప్పదు.

లక్షణం: కాగితం మీద బాగుంది, రేడియోలో విన్నవాళ్లు నవ్వారు

బ్రానిఫ్ అనే అమెరికన్ విమానయాన సంస్థ 1987లో తన తోలు సీట్ల గురించి స్పానిష్‌లో చెప్పుకుంది. "తోలు సీట్లలో ఎగరండి" అనే ఉద్దేశంతో "ఎన్ కువేరో" అన్నారు. "కువేరో" అంటే తోలు. చివర ఒక "స్" చేరి "ఎన్ కువేరోస్" అయితే ఒంటి మీద నూలుపోగు లేకుండా అని అర్థం. రాతలో ఆ ఒక్క అక్షరం కాపాడుతుందనుకోవచ్చు. కానీ క్యూబా, ప్యూర్టో రికో, డొమినికన్ రిపబ్లిక్ వాళ్లు మాట చివరి "స్"ను మింగేస్తారు, లేదా సన్నటి "హ్"లా వదిలేస్తారు. వాళ్ల చెవికి తోలూ దిగంబరత్వమూ ఒకేలా వినిపిస్తాయి. స్పెయిన్ దక్షిణాన అందలూసియాలోనూ ఇదే తీరు.

పరిష్కారం: స్లోగన్‌ను కరీబియన్ యాస ఉన్న ఒకరి చేత వేగంగా చదివించి వాయిస్ మెసేజ్ తెప్పించుకోండి. దాన్ని లైను చూడని మరో రివ్యూయర్‌కు పంపి, విన్నది రాయమనండి. రాసింది మీ లైనుతో సరిపోకపోతే ఎక్కడ తప్పిందో అక్కడే మీ ప్రమాదం. పదాల మధ్య ఖాళీ కూడా చెవికి వినపడదని గుర్తుంచుకోండి. ఖాళీలన్నీ తీసేసే హ్యాష్‌ట్యాగ్‌కూ ఇదే పరీక్ష పెట్టాలి.

లక్షణం: అనువాదం శుభ్రంగా ఉంది, కానీ జోక్ తిరగబడింది

1993లో కాలిఫోర్నియా పాల ప్రాసెసర్ల బోర్డు "గాట్ మిల్క్?" అనే ప్రచారం మొదలుపెట్టింది. స్పానిష్‌లో దాన్ని ఉన్నదున్నట్టు "తియెనెస్ లెచే?" అంటే బాలింతను "పాలు పడుతున్నాయా?" అని అడిగినట్టు ఉంటుంది. అందరూ చెప్పే కథ ఇక్కడితో ఆగిపోతుంది, కానీ అసలు సమస్య ఇంకా లోతున ఉంది. ఇంగ్లీషు ప్రకటనల హాస్యమంతా పాలు అయిపోవడం మీద నడుస్తుంది. నోట్లో కేకు ముక్క ఉంది, డబ్బాలో పాలు లేవు. లాటినో కుటుంబాల్లో ఇంట్లో పాలు నిండుకోవడం తల్లికో అమ్మమ్మకో నామోషీ. మాట మార్చినా ఆ జోక్ అక్కడ పండదు. అందుకే బోర్డు లాటినో ప్రేక్షకులకు "ఫమీలియా, అమోర్ ఇ లెచే", అంటే కుటుంబం, ప్రేమ, పాలు అనే వేరే లైను తీసుకుంది. లేమిని పక్కనపెట్టి సమృద్ధిని చూపించింది.

ఇలాంటి చోట పరిష్కారం అనువాదకుడి చేతిలో లేదు. బ్రీఫ్‌లో స్లోగన్‌తో పాటు అది ఏ నమ్మకం మీద నిలబడిందో ఒక వాక్యంలో రాసి పంపాలి. "ఇంట్లో పాలు అయిపోవడం సరదా విషయం" అని రాసి ఉంటే మొదటి మెయిల్‌కే ఎవరో ఒకరు "మాకు కాదు" అని జవాబిచ్చేవారు.

లక్షణం: అన్నీ సరిచేశాం, ప్రింటై వచ్చాక అర్థం మారింది

```
10 años
10 anos
```

మొదటిది పదేళ్లు. రెండోది పది మలద్వారాలు. అక్షరం మీద తరంగం లాంటి గీత పోయిందంతే. డిజైనర్ ఎంచుకున్న ఫాంట్‌లో ఆ అక్షరం లేకపోవడం, పాత సాఫ్ట్‌వేర్‌లోకి కాపీ చేసినప్పుడు రాలిపోవడం మామూలు కారణాలు. ఫాంట్ కొనే ముందే చిన్న, పెద్ద బడి రెంటిలోనూ దాన్ని టైప్ చేసి చూడండి. పెద్ద బడిలో యాస గుర్తులు అక్కర్లేదనే మాట తప్పు, స్పెయిన్ భాషా సంస్థ రాయల్ అకాడమీ ప్రకారం అక్కడా ఉండాల్సిందే.

ఎస్సెమ్మెస్‌లో ఇంకో వింత ఉంది. మామూలు ఎస్సెమ్మెస్ అక్షరమాలలో `ñ`, `é` ఉన్నాయి, `á`, `í`, `ó`, `ú` లేవు. అవి ఒక్కటి వాడినా మెసేజ్ వేరే ఎన్‌కోడింగ్‌కు మారి 160 అక్షరాల హద్దు 70కి పడిపోతుంది, ఖర్చు పెరుగుతుంది. అందుకని పంపే ఏజెన్సీలు గుర్తులు తీసేస్తాయి. ఫాదర్స్ డేకి "నాన్న కోసం" అని పంపింది "బంగాళాదుంప కోసం" అయి చేరుతుంది. `papá`, `papa` మధ్య తేడా ఆ గీతే. గుర్తు తీసేసినా అర్థం మారని లైను ఎస్సెమ్మెస్‌కు విడిగా రాయించుకోండి. మన "రెసియెన్ ఎచో ఇ యా ఎస్ తుయో" లైను ఇక్కడ ఇబ్బంది పడదు, దానిలో ఉన్నది `é` ఒక్కటే.

లక్షణం: రివ్యూయర్లు ప్రతి మాటలోనూ బూతు వెతికి పెడుతున్నారు, ఏదీ ఓకే కావడం లేదు

పైన చెప్పిన ప్రశ్న అడగడం మొదలుపెడితే ఇది తప్పకుండా వస్తుంది. మీరు వెతకమన్నారు, వాళ్లు వెతికారు. మెక్సికోలో మాటలతో రెండర్థాలు ఆడటం ఒక కళ, దానికి "అల్బూర్" అని పేరు కూడా ఉంది. పట్టుబడితే దేన్నైనా అలా తిప్పగలరు.

షెవ్రొలే నోవా కథ ఇక్కడ పనికొస్తుంది. "నో వా" అంటే "వెళ్లదు" కాబట్టి ఆ కారు లాటిన్ అమెరికాలో అమ్ముడుపోలేదని మార్కెటింగ్ క్లాసుల్లో చెబుతుంటారు. అది కట్టుకథ. కారు మెక్సికోలో, వెనెజువెలాలో బాగానే అమ్ముడైంది. మెక్సికో ప్రభుత్వ చమురు సంస్థ పెమెక్స్ తన పెట్రోలుకే నోవా అని పేరు పెట్టుకుంది. "నోవా"లో నొక్కు మొదటి అక్షరం మీద పడుతుంది, "నో వా"లో రెండోదాని మీద. స్పానిష్ చెవికి అవి రెండూ ఒకటి కావు. మిత్సుబిషి పజేరో మాత్రం నిజమైన సమస్యే. అచ్చం అదే రాత, "పహేరో" అనే అదే పలుకు, హస్తప్రయోగం చేసేవాడు అనే తిట్టు. అందుకే స్పానిష్ దేశాల్లో ఆ బండి "మొంతేరో" పేరుతో అమ్ముడైంది.

కాబట్టి ప్రతి అభ్యంతరాన్నీ మూడు ప్రశ్నలతో వడకట్టండి. నొక్కు, పలుకు అచ్చంగా అదేనా? ఆ వాక్యంలో, ఆ బొమ్మ పక్కన కూడా ఆ అర్థం వస్తుందా? ఎవరూ చెప్పకుండానే రెండో రివ్యూయర్‌కూ అదే తట్టిందా? మూడింటికీ అవునంటే లైను మార్చాలి. మూడోదానికి కాదని వస్తే షీట్‌లో నోట్ రాసుకుని ముందుకెళ్లవచ్చు. "కోహెలో" మూడింటిలోనూ చిక్కుతుంది. "యా ఎస్ తుయో"కు కూడా ఎవరో ఒకరు కొంటె అర్థం లాగుతారు, కానీ సాండ్‌విచ్ బొమ్మ పక్కన అది రెండో ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది. ఒకవేళ అదే లైనును డేటింగ్ యాప్ వాళ్లు అడిగితే మళ్లీ మొదటి నుంచి వడకట్టాలి.